31వ వాక్యానికీ 77వ వాక్యానికీ పడదు

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సు టికెట్ కొన్న ఇద్దరు ప్రయాణికులు ఒకే మధ్యాహ్నం ఒకే కంపెనీ చాట్‌బాట్‌ను ఒకే ప్రశ్న అడిగారనుకుందాం. టికెట్ క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగొస్తుంది? ఒకరికి ఎంత కోత పడుతుందో, మిగిలిన డబ్బు ఎన్ని రోజుల్లో ఖాతాలో పడుతుందో చక్కగా చెప్పింది. రెండోవారికి మాత్రం ‘ఈ విషయం కస్టమర్ కేర్‌ను అడగండి’ అని ఒక ఫోన్ నంబరు ఇచ్చి ఊరుకుంది. ఇద్దరూ ఆ జవాబుల్ని పక్కపక్కన పెట్టి కంపెనీని నిలదీస్తే సాధారణంగా వినిపించే మాట ఒకటుంది: ‘ఏఐ కదండీ, ఒక్కోసారి అలాగే చేస్తుంది.’ ఆ మాటను నేను ఒప్పుకోలేను. చాలా సందర్భాల్లో అది ఏఐ చేసిన వింత కాదు. ఆ చాట్‌బాట్‌కు కంపెనీ తానే రాసిచ్చిన సూచనల్లో ఒకచోట ఒకటి, మరోచోట దానికి అడ్డంగా ఇంకొకటి ఉంటాయి. ఓపిగ్గా వెతికితే అవి దొరుకుతాయి, దిద్దడమూ కుదురుతుంది.

ఆ సూచనలన్నీ ఉన్న పత్రాన్ని సిస్టమ్ ప్రాంప్ట్ అంటారు. ఇది ప్రోగ్రామ్ కోడ్ కాదు, మామూలు మాటల్లో రాసిన పాఠం. ‘నువ్వు ఫలానా కంపెనీ సహాయకుడివి, మర్యాదగా మాట్లాడు, ఇవి చెప్పు, ఇవి చెప్పకు’ అంటూ సాగుతుంది. కస్టమర్‌కు అది కనిపించదు. కానీ అతను ‘హలో’ అన్న క్షణం నుంచి, ప్రతి జవాబుకు ముందూ ఆ పాఠమంతా మోడల్ ముందు ఉంటుంది. కస్టమర్ మాట దాని కింద వచ్చి చేరుతుంది. ఆ మొత్తాన్నీ బట్టి మోడల్ జవాబు అల్లుతుంది.

మొదటిరోజు ఆ పాఠం ఒక పేజీ కూడా ఉండదు. తర్వాతే పెరుగుతుంది. జవాబులు మరీ పొడుగ్గా ఉన్నాయని ఎవరో అంటే ‘మూడు వాక్యాలు దాటకు’ అని ఒక వాక్యం చేరుస్తారు. కోత గురించి ముందే చెప్పలేదని ఒక ప్రయాణికుడు గొడవ చేస్తే ‘షరతులన్నీ వివరించు’ అని ఇంకొకటి చేరుతుంది. లాయరు చూసి ఒకటి, మార్కెటింగ్ వాళ్ళు చూసి రెండు కలుపుతారు. కలిపేవాళ్ళే గాని తీసేవాళ్ళు ఉండరు. ఏడాది తిరిగేసరికి తొంభై సూచనలతో పది పేజీల పత్రం తయారవుతుంది. అందులో ఏ ఒక్క వాక్యాన్ని విడిగా చదివినా తప్పు కనిపించదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, ఒక పాత ఫిర్యాదు ఉంది. చిక్కల్లా రెండు వాక్యాలు ఒకే కస్టమర్ ప్రశ్న దగ్గర ఎదురుపడినప్పుడే.

మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిది జరిగితే ఏదో ఒక దారి ఖాయంగా ఉంటుంది. ప్రోగ్రామ్ ఆగిపోయి తప్పు చూపిస్తుంది, లేదా ముందు రాసిన షరతే ప్రతిసారీ పనిచేస్తుంది. భాషా మోడల్ ఆగదు, ‘ఈ రెండిట్లో ఏది వినమంటారు?’ అని కంపెనీని అడగదు. అది జవాబును ముక్క ముక్కగా రాసుకుంటూ పోతుంది. ప్రతి ముక్క దగ్గరా తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత అన్న లెక్క ఉంటుంది, ఆ లెక్క ప్రకారం ఒక మాటను ఎంచుకుంటుంది. సూచనలు ఒకే వైపు చూపిస్తుంటే ఆ లెక్క ఒకే వైపు గట్టిగా మొగ్గుతుంది. రెండు సూచనలు రెండు వైపులా లాగుతుంటే తాసు నడిమధ్యకు వస్తుంది. అప్పుడు చిన్న కారణం చాలు, అటో ఇటో ఒరగడానికి. కస్టమర్ ‘దయచేసి’ అన్నాడా, కోపంగా అడిగాడా, అంతకుముందు ఎంతసేపు మాట్లాడాడు, ఏ సూచన పత్రంలో ఎక్కడుంది, ఇవన్నీ బరువులే. జవాబుల్లో వైవిధ్యాన్ని తగ్గించే సెట్టింగును సున్నాకు తెచ్చినా ఇది తీరదు. అక్షరం పొల్లుపోకుండా అడిగితే దాదాపు ఒకే జవాబు రావచ్చు గాని, ఇద్దరు మనుషులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా అడగరు.

మోడల్ మారితే ఆ ఒరగడం కూడా మారుతుంది. ఓపెన్‌ఏఐ 2025లో తన జీపీటీ-4.1 మోడల్‌తో పాటు ఇచ్చిన మార్గదర్శిలో, పరస్పర విరుద్ధమైన సూచనలుంటే ఈ మోడల్ పత్రం చివరికి దగ్గరగా ఉన్నదాన్ని పాటించే ధోరణిలో ఉంటుందని రాసింది. కొన్ని నెలల తర్వాత వచ్చిన జీపీటీ-5 మార్గదర్శిలో మాట మారింది. ఇది సూచనల్ని మరింత నిక్కచ్చిగా పాటించే మోడల్ కాబట్టి వైరుధ్యాలు దీనికి ఎక్కువ చేటు చేస్తాయని, ఏదో ఒకటి ఎంచుకుని ముందుకు పోవడానికి బదులు ఆ రెండిటికీ పొత్తు కుదర్చడానికి తన ఆలోచనను ఖర్చు చేస్తుందని హెచ్చరించింది. అంటే కిందటి ఏడాది ‘ఎలాగో నడుస్తోంది’ అని వదిలేసిన పత్రం, మోడల్‌ను కొత్తదానికి మార్చిన మర్నాడే వేరేగా ప్రవర్తించవచ్చు. పత్రంలో ఒక్క అక్షరమూ మారదు, చాట్‌బాట్ మారిపోతుంది.

అదే మార్గదర్శిలో ఓపెన్‌ఏఐ ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల చాట్‌బాట్‌ను ఉదాహరణగా రాసింది. రోగి సమ్మతి నమోదు కాకుండా అపాయింట్‌మెంట్ ఇవ్వవద్దని ఒకచోట ఉంటుంది. లక్షణాలు తీవ్రంగా ఉంటే రోగిని సంప్రదించకుండానే ఆ రోజు దొరికే మొదటి సమయాన్ని కేటాయించాలని మరోచోట ఉంటుంది. ఇంకా బాధపెట్టేది రెండో జంట. ఏ పని చేసేముందైనా రోగి వివరాలు వెతకాలని ఒక సూచన. ప్రాణాపాయమైతే వెంటనే అమెరికా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయమని చెప్పాలని మరో సూచన. గుండె నొప్పితో ఉన్న మనిషి రాస్తే ముందు వివరాలు వెతకాలా, ముందు నంబరు చెప్పాలా? అత్యవసరమైతే వివరాలు వెతకవద్దని ఒక్క వాక్యం చేర్చడమే అక్కడ సూచించిన దిద్దుబాటు.

మన బస్సు చాట్‌బాట్‌కు తిరిగి వద్దాం. ఇది అర్థం కావడానికి నేను కట్టిన ఉదాహరణ, అయినా ఇందులోని ప్రతి వాక్యమూ ఇలాంటి పత్రాల్లో మామూలుగా కనిపించే రకమే. అసలు పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులో రాస్తారు. తొంభై సూచనల్లో ఏడింటిని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

```
7.  కస్టమర్ ఎలా రాస్తే అలాగే జవాబివ్వు.
19. జవాబు ఎప్పుడూ మూడు వాక్యాలు దాటకూడదు.
31. ఏ విషయమైనా ముందుగా బుకింగ్ నంబరు అడుగు.
48. క్యాన్సిల్ గురించి అడిగితే షరతులన్నీ వివరించు.
62. జవాబు ఎప్పుడూ తెలుగు లిపిలోనే ఉండాలి.
77. ప్రయాణికులు ప్రమాదంలో ఉంటే వెంటనే 112 చెప్పు.
83. రీఫండ్ గురించి మాట ఇవ్వకు, కస్టమర్ కేర్‌కు పంపు.
```

ఇలా ఒకదాని కింద ఒకటి పెడితే గొడవ వెంటనే కనిపిస్తుంది. కాని అసలు పత్రంలో 7వదానికీ 62వదానికీ మధ్య ఆరు పేజీల దూరం ఉంటుంది. చదివేవాడు 62కు చేరేసరికి 7 మనసులో ఉండదు. అందుకే మొదటి పని పత్రాన్ని చదవడం కాదు, విడగొట్టడం. పేరాలను చీల్చి ఒక్కో ఆజ్ఞను ఒక్కో వరుసలో రాయాలి. ‘మర్యాదగా, క్లుప్తంగా, షరతులన్నీ చెబుతూ జవాబివ్వు’ అన్నది ఒక వాక్యమే అయినా మూడు ఆజ్ఞలు. ప్రతి ఆజ్ఞ పక్కనా అది ఎప్పుడు వర్తిస్తుంది, జవాబులో దేన్ని శాసిస్తుంది అన్న రెండు విషయాలు రాయాలి. ఈ రెండో గడి చాలా ముఖ్యం. భాష, పొడవు, డబ్బు, ముందు అడగాల్సినవి, మనిషికి అప్పగించడం, ఇలా నాలుగైదు పేర్లు చాలు.

తొంభై ఆజ్ఞల్లో ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చాలంటే 4,005 జతలు. అంత ఓపిక ఎవరికీ ఉండదు, అవసరమూ లేదు. ఒకే విషయాన్ని శాసించే వాటిని ఒకచోట చేర్చితే 7, 62 భాష కింద పక్కపక్కకు వస్తాయి. 48, 83 డబ్బు కింద కలుస్తాయి. సగం వైరుధ్యాలు ఇక్కడే బయటపడతాయి.

మిగతా సగం ఇలా దొరకవు. 31 బుకింగ్ నంబరు గురించి, 77 ప్రమాదం గురించి. ఏ వర్గీకరణలోనూ అవి ఒక గూటికి చేరవు. వాటిని పట్టిచ్చేవి వేరే మాటలు: ‘ఎప్పుడూ’, ‘తప్పక’, ‘ముందుగా’, ‘వెంటనే’, ‘మాత్రమే’, ‘ఏ విషయమైనా’. మినహాయింపు లేకుండా మాట్లాడే ఆజ్ఞ పత్రమంతటి మీదా పెత్తనం చేస్తుంది, కాబట్టి దాన్ని పత్రమంతటితోనూ పోల్చాలి. అలాంటివి తొంభైలో పది పన్నెండుకు మించవు. ‘ముందుగా’ అన్న 31నీ, ‘వెంటనే’ అన్న 77నీ పక్కపక్కన పెట్టి, అర్ధరాత్రి వచ్చిన ఒక మెసేజ్‌ని ఊహించండి: ‘మా బస్సు బోల్తా పడింది, లోపల జనం ఇరుక్కుపోయారు.’ 31 గెలిస్తే చాట్‌బాట్ ఏమంటుంది? ‘మీకు సహాయం చేయడానికి ముందుగా మీ బుకింగ్ నంబరు చెప్పగలరా?’ ఈ పని ఎందుకింత పట్టుదలగా చేయాలో నాకు ఆ ఒక్క జవాబు చాలు.

కాగితం మీద కనిపించే ప్రతి వైరుధ్యమూ ఆచరణలో గొడవ చేయదు. గొడవ చేసే కొన్ని కాగితం మీద కనిపించవు. కాబట్టి తర్వాతి పని నిజంగా అడిగి చూడడం. రెండు ఆజ్ఞలూ ఒకేసారి వర్తించే మెసేజ్‌ని ఒకదాన్ని రాసుకుని, ప్రతిసారీ కొత్త సంభాషణ తెరిచి, సెట్టింగులు మార్చకుండా 20 సార్లు పంపాలి. ఒక్కసారి అడిగి ‘బాగానే చెప్పింది’ అనుకోవడం ఈ రంగంలో అందరూ చేసే పొరపాటు. 20కి 20 ఒకే తీరుగా వస్తే ఏదో ఒక ఆజ్ఞ గట్టిగా గెలుస్తోందన్నమాట. 13 ఒక తీరుగా, 7 ఇంకో తీరుగా వస్తే తాసు నడిమధ్యన ఉంది. నిజానికి 20 కూడా పెద్ద లెక్క కాదు. పదింటికి ఒకసారి తప్పే చాట్‌బాట్, 20 సార్లు అడిగినా ఒక్క తప్పూ చూపకుండా తప్పించుకునే అవకాశం దాదాపు 12 శాతం ఉంటుంది. క్యాన్సిల్ ప్రశ్నకు అది చాలు. బస్సు బోల్తా పడిన మెసేజ్‌ని వందసార్లయినా పంపాలి, రకరకాల మాటల్లో పంపాలి.

జవాబులు రెండు తీరులుగా చీలినంత మాత్రాన వైరుధ్యమే కారణమని తేల్చకూడదు. సూచన అస్పష్టంగా ఉన్నా, మోడల్‌కు కావలసిన సమాచారం అసలు పత్రంలో లేకపోయినా జవాబులు ఇలాగే చీలుతాయి. తేడా తెలుసుకునే పద్ధతి సులువైనదే. అనుమానం ఉన్న రెండు ఆజ్ఞల్లో ఒకదాన్ని తాత్కాలికంగా తీసేసి మళ్ళీ 20 సార్లు అడగాలి. దాన్ని తిరిగి పెట్టి, రెండోదాన్ని తీసి మరో 20 సార్లు అడగాలి. ఒకటి తీస్తే జవాబులన్నీ ఒక వైపుకు, రెండోది తీస్తే ఇంకో వైపుకు సర్దుకుంటే దోషులు దొరికినట్టే. ఏది తీసినా చీలిక అలాగే ఉంటే కారణం వేరేచోట వెతకాలి.

ఇలా ఒక్కో వాక్యాన్నీ తీసి చూసే పద్ధతి ఎంత పెద్ద సంస్థకైనా తప్పదని 2025 జులైలో లోకానికి తెలిసింది. ఎలాన్ మస్క్ సంస్థ ఎక్స్‌ఏఐ నడిపే గ్రోక్ చాట్‌బాట్ ఎక్స్ వేదికపై హిట్లర్‌ను పొగిడే, యూదులను ద్వేషించే మాటలు రాసింది. తర్వాత ఆ సంస్థ బహిరంగంగా ఇచ్చిన వివరణ ప్రకారం, పొరపాటున తిరిగి ప్రాణం పోసుకున్న కొన్ని పాత సూచనలు 16 గంటల పాటు అమల్లో ఉన్నాయి. ఉన్నదున్నట్టు మాట్లాడమని, ఎవరో నొచ్చుకుంటారని భయపడవద్దని ఒకటి. పోస్టు స్వరాన్ని, సందర్భాన్ని, భాషను గ్రహించి జవాబులో అదే ప్రతిబింబించమని మరొకటి. మనిషిలాగే, ఆసక్తి కలిగేలా రాయమని ఇంకొకటి. బాధ్యతగా మాట్లాడాలన్న మూల సూత్రాలు కూడా ఉన్నాయి, కానీ కొన్ని సందర్భాల్లో ఈ వాక్యాలు వాటిని పక్కకు నెట్టాయి. అవతలి పోస్టులో విషం ఉంటే ఆ స్వరాన్నే ప్రతిబింబించడం బాధ్యత కంటే ముందుకు వచ్చింది. ఏ వాక్యాలు ఇంత పని చేశాయో కనిపెట్టడానికి సూచనల్ని తీసి చూసే ప్రయోగాలు పలుమార్లు చేశామని ఎక్స్‌ఏఐ చెప్పుకుంది. ‘స్వరాన్ని ప్రతిబింబించు’ అన్న వాక్యాన్ని విడిగా చదివితే ఎంత మంచి సూచనలా ఉంటుందో చూడండి. మన పత్రంలోని 7వ వాక్యానికి అది దగ్గరి చుట్టం.

దొరికిన వైరుధ్యాన్ని దిద్దేటప్పుడు చాలామంది మొదట పట్టే దారి అరవడం. 77వ వాక్యం ముందు ‘అతి ముఖ్యం’ అని, పెద్ద అక్షరాల్లో ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ అని చేరుస్తారు. రెండు రోజులు పనిచేసినట్టే ఉంటుంది. వచ్చే నెల ఇంకొకరు తమ వాక్యానికి కూడా అదే తగిలిస్తారు. అన్నీ అతి ముఖ్యమైనాక మళ్ళీ మొదటికే వస్తుంది. రెండో దారి, పాతవాటిని ముట్టుకోకుండా చివర్లో మూడో వాక్యం కలపడం. దాంతో రెండు ఆజ్ఞల తగవు మూడు ఆజ్ఞల తగవు అవుతుంది.

అసలు చేయాల్సిన పని రాతపని కాదు, నిర్ణయం. 48, 83 వాక్యాల గొడవ నిజానికి కంపెనీలో కస్టమర్ సేవల విభాగానికీ లాయరుకీ మధ్య ఉన్న గొడవ. షరతులు దాచామన్న నింద పడకూడదని ఒకరు, లేనిపోని హామీ నెత్తిన పడకూడదని మరొకరు. వాళ్ళిద్దరూ కూర్చుని తేల్చుకోనిదాన్ని చాట్‌బాట్ ప్రతి కస్టమర్ దగ్గరా కొత్తగా తేల్చాల్సి వస్తోంది. లాయరు భయం ఉత్తది కాదు. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్, ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి రాయితీ గురించి ఇచ్చిన తప్పు సమాచారానికి ఆ విమాన సంస్థే బాధ్యత వహించాలని తీర్పిచ్చి, పరిహారం కట్టించింది. చాట్‌బాట్ చెప్పింది తన మాట కాదని కంపెనీ తప్పించుకోలేదు.

కాబట్టి ప్రతి వాక్యం దగ్గరా అడగాల్సిన ప్రశ్న: ఇది ఏ ఫిర్యాదు వల్ల పుట్టింది? ఆ ఫిర్యాదు తెలిస్తే దిద్దుబాటు దాదాపు తనంతట తానే దొరుకుతుంది. 83 పుట్టింది, షరతుల్లో లేని పూర్తి రీఫండ్‌ను చాట్‌బాట్ ఒకరికి ఒప్పుకున్నందుకు అనుకుందాం. అంటే లాయరు ఆపాలనుకున్నది షరతులు చెప్పడాన్ని కాదు, షరతుల్ని దాటి మాట ఇవ్వడాన్ని. ప్రకటించిన షరతుల ప్రకారం ఎంత కోతో చెప్పు, అంతకు మించి మినహాయింపు కోరితే మాట ఇవ్వకుండా కస్టమర్ కేర్‌కు పంపు అని రాస్తే ఇద్దరి పనీ అయిపోతుంది, ఒక వాక్యమూ తగ్గుతుంది. కోత ఎంతో లెక్కించే పనిని ప్రాంప్టుకు వదలకుండా ప్రోగ్రామ్‌కే ఇచ్చి, వచ్చిన అంకెను చాట్‌బాట్ చదివి చెప్పేలా చేస్తే ఇంకా నయం. ఖచ్చితంగా ఉండాల్సినదాన్ని మాటల్లో రాసి ఆశపడడం కంటే కోడ్‌లో కట్టేయడం మేలు.

ఫిర్యాదు తెలియకుండా తీసేస్తే ఏమవుతుందో భాష జంట చూపిస్తుంది. మన కస్టమర్లు ఫోన్‌లో ఇలా రాస్తారు:

```
naa ticket cancel ayyinda? dabbulu eppudu vastayi?
```

ఇది తెలుగా, ఇంగ్లీషా? 7వ వాక్యం ప్రకారం చాట్‌బాట్ ఒకసారి ఇదే రకం అక్షరాల్లో తెలుగు రాస్తుంది, ఒకసారి అక్షరాలు చూసి పూర్తి ఇంగ్లీషులోకి పోతుంది. 62 ప్రకారం తెలుగు లిపిలో రాస్తుంది. ఒకే సంభాషణలో మూడూ కనిపించడం కూడా జరిగే పనే. ‘62 అనవసరం, తీసేద్దాం’ అని తొందరపడితే తగవు పోతుంది గాని పాత జబ్బు తిరగబెడుతుంది. ఎందుకంటే 62ను రాసింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినవాళ్ళకు చాట్‌బాట్ పూర్తి ఇంగ్లీషులో జవాబిస్తోందనే. పోనీ 7ను తీసేద్దామా? హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు, అమెరికాలో పెరిగిన పిల్లలు చక్కటి తెలుగు మాట్లాడతారు, చాలామందికి లిపి చదవడం రాదు. తెలుగు రాని ప్రయాణికులు కూడా ఆ బస్సు ఎక్కుతారు. రెండు ఫిర్యాదుల్నీ పక్కన పెట్టుకుని రాస్తే వాక్యం ఇలా తేలుతుంది: తెలుగును ఏ అక్షరాల్లో రాసినా అది తెలుగే, కాబట్టి తెలుగులోనే, కస్టమర్ వాడిన అక్షరాల్లోనే జవాబివ్వు, ఇతర భాషలో రాస్తే ఆ భాషలో ఇవ్వు. కారణం కూడా చెప్పినందువల్ల, మనం ఊహించని మెసేజ్ వచ్చినప్పుడు కూడా మోడల్ సరైన వైపు మొగ్గే అవకాశం పెరుగుతుంది.

పొడవు విషయంలో 19లోని ‘ఎప్పుడూ’ పోవాలి. మూడు వాక్యాల హద్దు మామూలు ప్రశ్నలకు ఉండనిచ్చి, క్యాన్సిల్ ప్రశ్నకు మాత్రం ఆ ప్రయాణికుడికి వర్తించే షరతు, కోత, డబ్బు వచ్చే గడువు చెప్పి, మిగతా షరతుల లింకు ఇవ్వమంటే చాలు. ఇక 31, 77. వీటికి వాక్యం మార్చడంతో పాటు చోటు కూడా మార్చాలి. పెద్ద పాఠంలో మొదట్లోనూ చివర్లోనూ ఉన్నదానికంటే మధ్యలో ఉన్నదాన్ని మోడళ్ళు సరిగ్గా అందుకోలేకపోతున్నాయని 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరికొందరితో కలిసి చూపించారు. ప్రాణానికి సంబంధించినదాన్ని ఎనిమిదో పేజీలో పాతిపెట్టడం తప్పు. అది ముందుకు రావాలి, ఏది పైచేయో స్పష్టంగా చెప్పాలి, అడ్డుపడే వాక్యంలోని ‘ఏ విషయమైనా’ను కూడా కుదించాలి:

```
1.  ఎవరికైనా ప్రాణాపాయం ఉన్నట్టు అనిపిస్తే మిగతా
    నియమాలన్నీ ఆపి, ముందు 112కి ఫోన్ చేయమని చెప్పు.
    అప్పుడు బుకింగ్ నంబరు అడగకు.
31. టికెట్ స్థితి, క్యాన్సిల్, రీఫండ్ ప్రశ్నలకు మాత్రమే
    ముందుగా బుకింగ్ నంబరు అడుగు.
```

రెండు చోట్లా దిద్దామని గమనించండి. పైచేయి వాక్యం ఒక్కటే పెట్టి 31ని అలాగే వదిలేస్తే ఈ తగవు తీరుతుంది గాని, ‘మీ బస్సుల్లో దుప్పటి ఇస్తారా?’ అని అడిగినవాడిని కూడా బుకింగ్ నంబరు అడుగుతూనే ఉంటుంది.

ఇదంతా చేశాక కూడా జవాబులు పొడుగ్గానే, అదీ ఇంగ్లీషు ధోరణిలోనే వస్తుంటే పత్రం చివర చూడాలి. అక్కడ చాలాసార్లు ఒక నమూనా సంభాషణ ఉంటుంది. ‘డియర్ కస్టమర్’ అంటూ మొదలై ఏడు వాక్యాలు సాగే జవాబు ఒకటి, పత్రం పుట్టిన రోజున ఎవరో రాసి మర్చిపోయినది. నమూనా కూడా ఆజ్ఞే. మోడళ్ళు దాన్ని చాలా శ్రద్ధగా అనుకరిస్తాయి. మూడు వాక్యాలని చెప్పి ఏడు వాక్యాల నమూనా చూపిస్తే చూపించిందే గెలవడం మామూలు. ఆజ్ఞల జాబితా తయారుచేసేవాళ్ళు నమూనాల్ని ఆజ్ఞలుగా లెక్కించరు కాబట్టి ఈ వైరుధ్యం అందరికంటే చివర్లో దొరుకుతుంది. ఒక నియమం మార్చినప్పుడల్లా నమూనాలన్నీ ఆ నియమానికి తగ్గట్టు ఉన్నాయో లేదో చూసుకోవాలి. చాట్‌బాట్ వాడుకునే పరికరాల వర్ణనలకూ, ఉదాహరణకు బుకింగ్ వెతికే పరికరం పక్కన రాసిన ‘ప్రతి సంభాషణలోనూ ముందు దీన్ని వాడు’ లాంటి వాక్యాలకూ ఇదే వర్తిస్తుంది. వేరే పేజీలో ఉన్నా మోడల్‌కు అదంతా ఒకే పాఠం.

పత్రాన్ని మరో భాషా మోడల్‌కు ఇచ్చి వైరుధ్యాలు వెతకమనే పద్ధతీ ఇప్పుడు వాడుకలో ఉంది. మొదటి వడపోతకు అది పనికొస్తుంది, దూరదూరంగా ఉన్న వాక్యాల్ని బాగానే కలిపి చూపిస్తుంది. కాని వైరుధ్యం కానివాటిని కూడా ఎన్నో ఎత్తి చూపిస్తుంది. 62 వెనక ఏ ఫిర్యాదు ఉందో, కంపెనీ లాయరు నిజంగా దేనికి భయపడ్డాడో దానికి తెలియదు. ఆ జాబితా పట్టుకుని మనుషులే కూర్చోవాలి.

ఇకమీదట చేరే ప్రతి వాక్యం పక్కనా, మోడల్‌కు పంపని వేరే కాగితంలో, ఎవరు కోరారు, ఏ రోజు, ఏ ఫిర్యాదు వల్ల అని రాసుకోవాలి. తగవు తెచ్చిన మెసేజ్‌లన్నిటినీ, దుప్పటి ప్రశ్న నుంచి బస్సు ప్రమాదం దాకా, ఒక ఫైలుగా దాచి పెట్టాలి. పత్రంలో ఒక వాక్యం మారినా, కింద మోడల్ మారినా ఆ ఫైలంతా మళ్ళీ నడపాలి. ఇంత చేసినా పట్టుబడనివి కొన్ని మిగులుతాయి. రెండేసి ఆజ్ఞలు చూస్తే సరిపోయేవి, మూడు ఒకేసారి కలిస్తే తగవు పడేవి ఉంటాయి. నలభై మెసేజ్‌ల పొడవు సాగిన సంభాషణలో, కొత్త సంభాషణలో చేసిన పరీక్షల ఫలితాలు నిలబడకపోవచ్చు. అందుకని నిజమైన సంభాషణల్లో కొన్నిటిని వారానికోసారి మనిషి చదవాలి, ముఖ్యంగా ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు వెళ్ళిన వాటిని. కొత్త తగవు కనిపిస్తే ఆ మెసేజ్ ఫైలులో చేరుతుంది. రీఫండ్ ప్రశ్నల్లో 20కి 19 సరిగ్గా వస్తే కంపెనీ ఆలోచించుకోవచ్చు. 112 మెసేజ్‌ల్లో వందకు ఒక్కటి తప్పినా ఆ రోజు పత్రాన్ని కస్టమర్ల ముందుకు వదలకూడదు.